చెల్లెకు పంపిన చద్దరు



ఈ నెల మా ఇంటి ముచ్చటే చెప్తాను. ఇంటి ముచ్చటే గానీ, ఇప్పుడు మన షోలాపూర్ పేటల్లో ఇంటికొకరు కాకపోయినా సందుకొకరు బయటి దేశంలో ఉన్నారు. వాళ్ల పుట్టినరోజుకి ఇక్కడి నుంచి ఏదైనా పంపాలని తోబుట్టువులకి ఉంటుంది కదా. నాకూ ఉండింది. పంపే తీరు తెలియక ఒకసారి నా చెల్లె చేతనే ఖర్చు పెట్టించాను. ఆ సంగతి మూడేళ్ల దాకా నాకు తెలియదు. అది ఎట్ల జరిగింది, ఈసారి ఎట్ల దిద్దుకున్నాను అన్నది చెప్తే మీలో ఒకరిద్దరికైనా అక్కరకు వస్తుందని రాస్తున్నాను.

నా చెల్లె నర్సు. 2000 తర్వాత ఇంగ్లండు ఆసుపత్రుల వాళ్లు మన దేశం నర్సులను పిలిపించుకున్న కాలంలో పోయింది. లెస్టర్ అనే ఊళ్లో ఉంటది. అది కూడా ఒకప్పుడు బనియన్లు, మేజోళ్లు నేసిన ఊరే. "అన్నా, ఇక్కడ కూడ మూతబడ్డ గిర్నీలు ఉన్నయ్" అని మొదటి ఫోన్లోనే చెప్పింది.

చెల్లెకి పుట్టినరోజులు రెండు. మన ఇండ్లల్లో చాలామందికి అంతే. బడిలో చేర్చుకునేటప్పుడు పంతులుగారు తనకు తోచిన జూన్ 1 రాసుకున్నాడు. పాస్‌పోర్టులో అదే ఉంది. అమ్మ మాత్రం "కార్తీక పున్నమి నాడు, దీపాలు పెట్టే యాళ్లకు పుట్టింది" అనేది. మాకు అదే లెక్క. 2025లో కార్తీక పున్నమి నవంబర్ 5న వచ్చింది. ఆ నాటికి చెల్లెకి అరవై నిండినయి. అమ్మ లేదు, నాయిన లేడు. అరవై నిండిన ఆడబిడ్డకి పుట్టింటి నుంచి ఒక బట్ట పోకపోతే ఎట్ల?

ముందు 2022లో చేసిన తప్పు చెప్తాను.

అప్పుడు ఒక పెద్ద దుకాణంలో మంచి చద్దర్లు, తువ్వాళ్లు తీసుకున్నాను. 5,700 రూపాయలు అయింది. "ఫారిన్‌కి మేమే పంపిస్తాం కాకా, మీరు అడ్రసు రాసిచ్చి పొండి" అన్నారు దుకాణం వాళ్లు. పని తప్పింది కదా అని సంతోషపడ్డాను. కొరియరుకి ఇంకో 3,800 కట్టించుకున్నారు. సామాను చేరింది. చెల్లె ఫోన్ చేసి "మస్తుగున్నయ్ అన్నా" అన్నది. అంతటితో అయిపోయిందనుకున్నాను.

పోయిన ఎండాకాలం సెలవుల్లో మేనల్లుడు వచ్చిండు. మాటల మధ్య నోరు జారిండు. "మామా, ఆ పార్సిల్ వచ్చినప్పుడు అమ్మ 32 పౌన్లు కట్టింది. నీకు చెప్పొద్దన్నది" అన్నడు. అప్పటి రేటులో మూడు వేల పైన. నేను ఇచ్చిన కానుకని నా చెల్లె పైసలిచ్చి విడిపించుకున్నది. ఆ రాత్రి నాకు నిద్ర పట్టలేదు.

ఆ 32 పౌన్లు ఎక్కడివి? మేనల్లుడిని కూర్చోబెట్టి కాగితం మీద రాయించుకున్నాను. అప్పుడు పౌను సుమారు 95 రూపాయలు. సామాను 60 పౌన్లు, కొరియరు 40 పౌన్లు, మొత్తం 100. అక్కడి పన్ను, వాళ్లు వ్యాట్ అంటారు, నూటికి 20. ఆ పన్ను సామాను మీదే కాదు, పంపిన ఖర్చు మీద కూడా పడుతుంది. అంటే 20 పౌన్లు. ఆ పన్నును చెల్లె తరఫున ముందుగా కట్టినందుకు కొరియరు వాళ్ల కూలి 12 పౌన్లు. మొత్తం 32.

ఇందులో ఎవరూ మోసం చేయలేదు. తప్పు పంపిన తీరులో ఉంది. ఇంగ్లండులో కానుకకి ఒక మినహాయింపు ఉంది. కానుక విలువ 39 పౌన్లు దాటకపోతే వ్యాట్ పడదు. అయితే దాన్ని కానుక అని ఒప్పుకోవాలంటే కొన్ని షరతులున్నాయి. పుట్టినరోజు, పండుగ లాంటి సందర్భానికి పంపాలి. ఒక మనిషి కొని ఇంకో మనిషికి పంపాలి. సొంత వాడకానికే అయి ఉండాలి. పార్సిల్ మీది కస్టమ్స్ కాగితంలో కానుక అని రాసి ఉండాలి. నా పార్సిల్ దుకాణం పేరు మీద, దుకాణం బిల్లుతో పోయింది. చూసేవాళ్లకి అది అమ్మకపు సరుకు. పైగా 60 పౌన్లది. ఒకవేళ నా పేరు మీదే పంపి ఉన్నా 39 దాటింది కాబట్టి పన్ను తప్పేది కాదు. ఒక్క పార్సిల్‌లో రెండు తప్పులు చేశాను.

"తక్కువ విలువ రాస్తే అయిపాయె" అని మన వాళ్లు కొందరు సలహా ఇచ్చారు. అది వద్దు. కస్టమ్స్ వాళ్లు పార్సిల్ విప్పి చూడవచ్చు. కొత్త చద్దరు మీద ధర చీటీ ఉంటుంది. కాగితంలో 300 రాసి లోపల 1,650 చీటీ కనబడితే కానుక అన్న మాట కూడా నమ్మరు. దారిలో సామాను పోతే పరిహారం కూడా మనం రాసిన విలువ దాటి రాదు. నిజం ధర రాసి, 39 లోపల ఉండేటట్టు ముందే సామాను ఎంచుకోవడమే దారి.

ఈసారి అట్లనే చేశాను. సెప్టెంబర్లో లెక్క పెట్టుకున్నప్పుడు పౌనుకి 118 రూపాయలు వేసుకున్నాను. 39 పౌన్లంటే సుమారు 4,600. చెల్లెకి ఒక డబుల్ చద్దరు 1,650, నారాయణపేట నూలు చీర 2,300, షేంగా చట్నీ పొట్లం 150. మొత్తం 4,100. అంటే 35 పౌన్ల లోపే. రేటు కొంచెం అటూ ఇటూ అయినా గీత దాటదు. ఆ సందు ఉంచుకోవాలి. సరిగ్గా 39కి కోసి పంపితే పార్సిల్ చేరే నాటికి రేటు మారి గీత దాటవచ్చు.

ఇంతలో మా ఇంటామె "మేనల్లుడికి ఏం లేదా?" అన్నది. వాడికి రెండు టెర్రీ తువ్వాళ్లు, 900 రూపాయలు. ఇప్పుడు మొత్తం 5,000 అయింది. 42 పౌన్లు. గీత దాటింది. రెండు పార్సిళ్లు పంపితే పంపిన ఖర్చు రెండింతలు. ఏం చేయాలి?

దీనికి కూడా అక్కడి రూలులోనే దారి ఉంది. ఒక్క పార్సిల్‌లో ఇద్దరికి కానుకలుంటే, ఎవరి 39 వారికే లెక్క. కాకపోతే ఎవరి కానుక వారికి విడిగా చుట్టి ఉండాలి. కస్టమ్స్ కాగితంలో ఒక్కొక్కటి విడిగా, దాని విలువతో రాయాలి. అందుకని చెల్లె కానుక ఒక కాగితంలో చుట్టి దాని పేరు రాశాను. తువ్వాళ్లు ఇంకో కాగితంలో చుట్టి మేనల్లుడి పేరు రాశాను. రెండూ ఒకే డబ్బాలో. చెల్లెది 35 లోపు, వాడిది 8 లోపు. ఇద్దరికీ పన్ను లేదు.

ఇక పంపే ఖర్చు సంగతి. ఇక్కడ మన గిర్నీ పని అక్కరకొచ్చింది.

చద్దరుని మామూలుగా మడిచి, చీర, తువ్వాళ్లు పైన పెట్టి ఒక డబ్బాలో సర్ది ఒక కొరియరు దుకాణానికి తీసుకపోయాను. కాంటా మీద పెడితే రెండున్నర కిలోల పైన చిల్లర వచ్చింది. ఆ పిల్లగాడు టేపు తీసి డబ్బాని కొలిచిండు. పొడవు 42 సెంటీమీటర్లు, వెడల్పు 35, ఎత్తు 20. "ఆరు కిలోలు కాకా, 5,400" అన్నడు. కాంటా రెండున్నర చూపిస్తుంటే ఆరు ఎట్ల అవుతుందని గట్టిగానే అడిగాను.

వాడు చెప్పింది సబబే. విమానంలో బరువుకే కాదు, జాగాకి కూడా కిరాయి ఉంటుంది. దూది బస్తా, ఇనుప ముక్క ఒకే బరువున్నా ఒకే జాగా పట్టవు కదా. అందుకని కొరియరు వాళ్లు పొడవు, వెడల్పు, ఎత్తు సెంటీమీటర్లలో గుణించి, వచ్చినదాన్ని 5,000తో భాగిస్తారు. నా డబ్బాకి 42, 35, 20 గుణిస్తే 29,400. దాన్ని 5,000తో భాగిస్తే 5.88. పైకి సర్ది ఆరు కిలోలు. అసలు బరువు, ఈ జాగా బరువు, రెండింటిలో ఏది ఎక్కువైతే దానికే కిరాయి. అంటే నేను మూడున్నర కిలోల గాలిని లెస్టర్‌కి పంపబోయాను!

పోయిన పదకొండేళ్లు నేను బేళ్లు కట్టే ఖాతాలో పని చేసినవాణ్ణే. గాలిని బయటికి తోలడమే ఆ ఖాతా పని. డబ్బా తిరిగి ఇంటికి తెచ్చాను.

ఇంట్లో బేలు ప్రెస్సు ఉండదు. ఉండాల్సిన పని కూడా లేదు. చద్దరుని నేల మీద పరిచి, అంచుకి అంచు కలిపి పొడవునా మడతలు వేశాను. మడత మడతకీ అరచేత్తో నడిమి నుంచి అంచుకి తోసుకుంటూ పోవాలి. అట్ల తోయకపోతే నడుమ బుడ్డ లేస్తుంది, పైన ఎంత బరువు పెట్టినా దిగదు. మడత డబ్బా కొలతకి రావాలి. అందుకే ముందు మడత వేసి, తర్వాత దానికి తగిన డబ్బా వెతకాలి. మనవాళ్లు ముందు డబ్బా తెచ్చుకుని, మిగిలిన జాగాలో పేపర్లు కుక్కుతారు. ఆ పేపర్లకి కూడా కిరాయి పడుతుంది.

మడత మీద చెక్కపలక వేసి, దాని మీద ఇసుర్రాయి పెట్టి రాత్రంతా ఉంచాను. తెల్లారి రాయి తీయగానే నాడాలతో అడ్డం, నిలువు బిగించి కట్టాను. నూలుకి ఊపిరి ఉంటుంది. కట్టకుండా వదిలితే గంటలో మళ్లీ లేస్తుంది. లేస్తే డబ్బా పొట్ట ఉబ్బుతుంది. కొరియరు వాళ్లు టేపు ఆ ఉబ్బిన చోటే పెడతారు. బిగించి కట్టినాక డబ్బా 40, 30, 10 సెంటీమీటర్లకి దిగింది. గుణిస్తే 12,000. భాగిస్తే 2.4 కిలోలు. ఆరు కిలోల పార్సిల్ ఒక్క రాత్రిలో ఇసుర్రాయి కింద రెండున్నర దగ్గరికొచ్చింది. అదే కొరియరు దుకాణంలో ఇప్పుడు 3,600 అన్నారు. 1,800 రూపాయల తేడా.

పోస్టాఫీసులో కూడా అడిగాను. విదేశాలకి పోయే స్పీడ్ పోస్టుకి ప్రతి 250 గ్రాములకి ఒక మెట్టు చొప్పున ధర పెరుగుతుంది. నా పార్సిల్ ఇంటి కాంటా మీద 2,570 గ్రాములు తూగింది. 2,500 దాటింది కాబట్టి 2,750 మెట్టు ధర పడుతుంది. 70 గ్రాముల కోసం 250 గ్రాముల పైసలు!

అప్పుడు నూలు సంగతి గుర్తొచ్చింది. నూలు గాలిలో తేమని పట్టుకుంటుంది. గిర్నీల్లో నూలు బరువు లెక్కకి నూటికి ఎనిమిదిన్నర వంతు తేమ ఉంటుందని వేసుకునేవాళ్లం. వానాకాలం పోయీపోనట్టున్న రోజుల్లో, మూసిన గదిలో పెట్టిన చద్దరులో తేమ బాగానే ఉంటుంది. కట్టు విప్పి చద్దరు, చీర, తువ్వాళ్లు రెండు మధ్యాహ్నాలు డాబా మీద ఆరబెట్టాను. చీరని రంగు వెలవకుండా నీడకే వేశాను. ఎండ దిగకముందే లోపలికి తెచ్చి, కాసేపు చల్లారనిచ్చి, మళ్లీ మడిచి, రాయి కింద పెట్టి, కట్టి, ప్లాస్టిక్ సంచిలో గాలి చొరకుండా మూసేశాను. కాంటా మీద పెడితే 2,485 గ్రాములు. మెట్టు దిగింది.

ఇది పైసల కోసమే చేయలేదు. తేమ ఉన్న నూలుని ప్లాస్టిక్‌లో మూసి రెండు వారాలు వదిలితే బూజు పడుతుంది. నల్ల చుక్కలు వస్తే అవి పోవు. తడి ఆరకుండా బేలు కడితే ఏమయ్యేదో మన ఖాతాలో చూసినవాళ్లకి చెప్పనక్కరలేదు. చద్దరుని మడత విప్పి చెంపకి ఆనించి చూడండి. చల్లగా తగిలితే ఇంకా తేమ ఉన్నట్టే.

స్పీడ్ పోస్టు ఖర్చు కొరియరు చెప్పిన 3,600 కన్నా తక్కువే పడింది. కొరియరు అయితే ఇంటి ముందటికి వచ్చి తీసుకపోతారు, తొందరగా కూడా చేరుతుంది. నాకు తొందర లేదు, కాబట్టి పోస్టు చాలనుకున్నాను. ధరలు మారుతుంటాయి. మీరు మీ బరువు, కొలతలు చెప్పి రెండు చోట్లా, పన్నుతో కలిపి ఎంత అని అడగండి. ఒక చోటే అడిగి రావద్దు.

ఇక డబ్బాలో ఏం పెట్టకూడదన్న సంగతి. దీని మీద ఇంట్లో చిన్న గొడవే అయింది.

మా ఇంటామె నెయ్యి పోసి సున్నుండలు చేసింది. "అరవై ఏండ్లకు నోరు తీపి చెయ్యకపోతే ఏం పుట్టిల్లు?" అన్నది. మన దేశం నుంచి ఇంగ్లండుకి మాంసం, పాలు, పాలతో చేసినవి పార్సిల్‌లో పంపరాదు. పాలకోవా, పేడా, నెయ్యి అన్నీ అందులోకే వస్తాయి. పట్టుకుంటే వాళ్లు ఆ వస్తువుని పారేస్తారు, దానికోసం పార్సిల్ అంతా ఆగుతుంది. సున్నుండలు మేమే తిన్నాం. షేంగా చట్నీలో పల్లీలు, కారం, వెల్లుల్లి, ఉప్పు తప్ప ఏమీ ఉండవు. అది కూడా ఇంట్లో దంచింది కాకుండా, పేరూ దినుసులూ అచ్చేసిన మూసిన పొట్లమే కొన్నాను. తెరిచి చూసేవాళ్లకి ఆ ఎర్రని పొడి ఏమిటో తెలియాలి కదా.

ఆఖరికి డబ్బా మూసే ముందు చీర మడత సరిచేస్తుంటే లోపల ఒక కవరు తగిలింది. 501 రూపాయలు. మా ఇంటామె పెట్టింది. ఆడబిడ్డకి బట్ట పెడితే వట్టి బట్ట పెట్టరు కదా. కానీ నోట్లు, నాణేలు, బంగారం స్పీడ్ పోస్టులో విదేశాలకి పంపకూడదు. పార్సిల్‌లో ఉన్నది ఏదైనా కాగితంలో రాసి ఉండాలి, రాయనిది లోపల ఉండకూడదు. నోట్లు తీసేశాను. ఆమె ఏమీ అనలేదు. లోపలికి పోయి ఆ కవరుని దేవుని పటం వెనక పెట్టింది.

పోస్టాఫీసుకి డబ్బాని అతికించకుండా తీసుకపోవడం మంచిది. లోపల ఏముందో కౌంటరు దగ్గర చూపమంటే చూపవచ్చు. ఆధార్ కాపీ, సామాను కొన్న బిల్లులు పట్టుకపోయాను. కస్టమ్స్ కాగితంలో ఏం రాయాలో ముందే మనవరాలితో రాయించుకున్నాను. "బట్టలు" అని ఒక్క మాట రాస్తే చాలదు. నూలు చద్దరు ఒకటి, నూలు చీర ఒకటి, నూలు తువ్వాళ్లు రెండు, పల్లీల పొడి ఒక పొట్లం అని, ఒక్కోదాని బరువు, ధర వేరువేరుగా రాయాలి. కానుక అన్న గడిలో గుర్తు పెట్టాలి. పంపేవారి పేరు నాది. చెల్లె అడ్రసులో పిన్‌కోడు లాంటి వాళ్ల పోస్ట్‌కోడు, ఫోన్ నంబరు తప్పకుండా ఉండాలి. అక్కడ పార్సిల్ ఏ కారణంతోనైనా ఆగితే చెల్లెకి కబురు పోయేది ఆ నంబరుకే.

ఇక ఎప్పుడు వేయాలి? నేను వెనక నుంచి ముందుకి లెక్క పెట్టాను. పున్నమి నవంబర్ 5. దానికి వారం ముందే చేరాలని పెట్టుకుంటే అక్టోబర్ 29. మధ్యలో దీపావళి వారం. ఆ వారంలో పోస్టాఫీసుకి సెలవులు, పార్సిళ్ల రద్దీ. మన వైపు పార్సిళ్లు ముంబైలో విదేశీ పోస్టాఫీసుకి పోతాయి, అక్కడ మన కస్టమ్స్ వాళ్లు చూస్తారు. ఇంగ్లండులో దిగినాక వాళ్ల కస్టమ్స్ చూస్తారు. విమానం ప్రయాణం ఒక్కరోజే. మిగతా రోజులన్నీ ఈ రెండు చోట్ల వంతు కోసం కూర్చోవడమే. దసరా అక్టోబర్ 2న అయిపోయింది. అక్టోబర్ 6, సోమవారం పొద్దున వేశాను. నెలరోజులు చేతిలో పెట్టుకున్నాను. క్రిస్మస్ దగ్గర పడ్డ రోజుల్లో పంపేవాళ్లు ఇంకో వారం కలుపుకోండి. అక్కడ అప్పుడు మన దీపావళి కన్నా పెద్ద రద్దీ.

రసీదు మీద E అక్షరంతో మొదలై IN తో ముగిసే 13 అక్షరాల నంబరు ఉంటుంది. దాన్ని జాగ్రత్తగా దాచుకోండి. మనవరాలు రోజూ ఆ నంబరు ఫోన్లో కొట్టి చూసేది. ముంబైకి పోయింది. ఐదు రోజులు అక్కడే. నాకు గుబులు పుట్టింది. నిజానికి అట్లా నాలుగైదు రోజులు ఒకే మాట కనబడితే అది వంతు కోసం ఆగినట్టే. పది రోజులు దాటితే, లేకపోతే కాగితాలు కావాలని కబురొస్తే, అప్పుడు రసీదు పట్టుకుని వేసిన పోస్టాఫీసుకి పోవాలి. ఇంగ్లండులో దిగినాక స్పీడ్ పోస్టు పార్సిళ్లని పార్సెల్‌ఫోర్స్ అనే సంస్థ పంచుతుంది. అదే నంబరుతో వాళ్ల దగ్గర కూడా చూడవచ్చు. పన్ను కట్టమని చెల్లె ఫోన్‌కి ఏదైనా లింకు వస్తే, దాన్ని నొక్కకుండా ముందు ఈ నంబరుతో వాళ్ల వెబ్‌సైటులో చూసుకోమన్నాను. పార్సిల్ పేరు చెప్పి పైసలు గుంజే దొంగ మెసేజీలు అక్కడ కూడా ఉన్నయట.

ఒకవేళ మీకు రెండు వారాల గడువు కూడా లేకపోతే, ఇక్కడి నుంచి పంపి ఎదురుచూపు పెట్టకండి. అక్కడి దుకాణంలోనే ఆన్‌లైనులో కొని ఇంటికి పంపిస్తే కస్టమ్స్ బాధ ఉండదు. మన చద్దరు వేరుగా, నెమ్మదిగా పోనివ్వండి.

అక్టోబర్ 22న, దీపావళి తెల్లారి, చెల్లె ఫోన్ చేసింది. డబ్బా వచ్చింది.

"ఏమన్న కట్టినవా?" అన్నాను.

కాసేపు మాట లేదు. "ఏం కట్టలే అన్నా" అన్నది.

"ఒట్టు పెట్టు."

నవ్వింది. "వీడు చెప్పిండా నీకు? ఈసారి నిజంగనే ఏం కట్టలే. తలుపు కొట్టి చేతిల పెట్టి పోయిండు."

డబ్బా విప్పనే లేదట. పున్నమి దాకా పక్కకి పెట్టింది. నవంబర్ 5 రాత్రి వీడియోలో దీపం పెట్టి, మా కండ్ల ముందే నాడాలు విప్పింది. ముడి విప్పగానే చద్దరు మెల్లగా ఉబ్బింది. "అన్నా, ఇది ఊపిరి తీస్కుంటున్నది సూడు" అన్నది. అంతలోనే దాన్ని ముఖానికి ఆనించుకుంది. చాలాసేపు తీయలేదు. మా డాబా మీది ఎండ వాసన నెల రోజులు అందులో నిలిచిందో లేదో నేను అడగలేదు.

చివరికి మా ఇంటామె ఫోన్ తీసుకుని, "నీ 501 దేవుని ఎనక ఉన్నయ్, అవి పోస్టుల రావు, నువ్వే వచ్చి తీస్కపోవాలె" అన్నది. వచ్చే ఎండాకాలం వస్తానన్నది చెల్లె.

మీలో ఎవరైనా మస్కట్‌కో, దుబాయికో, సింగపూర్‌కో ఇట్లా పంపి ఉంటే, ఏం పోయింది, ఏం ఆగింది, ఎంత పన్ను పడిందో పత్రిక ఆఫీసుకి రాసి ఇవ్వండి. ఇంగ్లండు లెక్క అక్కడ నడవదు. ఒక్కో దేశానికి ఒక్కో రూలు. మీ రసీదు కూడా జత చేస్తే ఈ పేజీలోనే వేసుకుందాం.